‘గదులు లేవు’ బోర్డు, తెల్లవారుజామున అయిదింటికి

హోటల్లో గదులన్నీ నిండిపోయాయని రాత్రి పదింటికి చెబితే అది నిజం. అదే మాట తెల్లవారుజామున అయిదింటికి చెబితే చాలాసార్లు బద్ధకం. ఆ వేళకు హోటల్ కదులుతూ ఉంటుంది. తిరుపతి వెళ్లేవాళ్లు లేస్తారు, విమానం అందుకోవలసినవాళ్లు టాక్సీ పిలిపించుకుంటారు, రాత్రి వస్తామన్నవాళ్లు రాకుండా ఉండిపోతారు. బోర్డు మాత్రం రాత్రి పెట్టిన చోటే ఉంటుంది. దాన్ని తిప్పాలా వద్దా అన్నది రాత్రి డ్యూటీలో ఉన్నవాడి మీద ఆధారపడి ఉంటుంది.

నాది గూడూరు. చెన్నైలో ఎగ్మోర్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ముప్పై ఆరు గదుల హోటల్లో రాత్రి రిసెప్షన్ చూస్తాను. మా దగ్గర దిగేవాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువ. గ్రీమ్స్ రోడ్డులోనో నుంగంబాక్కంలోనో ఆసుపత్రులకు వచ్చేవాళ్లు కొందరు, అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూకు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు కొందరు. వీసావాళ్లు నెల ముందే బుక్ చేసుకుంటారు. ఆసుపత్రివాళ్లు చాలామంది చేసుకోరు, ఎవరో ఒకరు చూసుకుంటారనుకుని రైలెక్కేస్తారు.

ఆ రోజు నాలుగూ నలభైకి ఒక ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు ముందు తానే లోపలికి వచ్చాడు. అలా వచ్చాడంటే అర్థం ఒకటే, గది ఇప్పిస్తే కమిషన్ కావాలి. స్టేషన్ల చుట్టుపక్కల కొన్ని లాడ్జీలు ఆటోవాళ్లకు డబ్బిస్తాయి. ఆ డబ్బు చివరికి దిగినవాళ్ల అద్దెలోనే కలుస్తుంది. మా దగ్గర ఇవ్వమని చెప్పాను. అతను గొణుక్కుంటూ వెళ్లి, వెనక సీట్లో ఉన్న పెద్దావిడను దించి, సెంట్రల్ స్టేషన్ నుంచి ఇక్కడికి రెండు కిలోమీటర్లు కూడా లేని దారికి రెండు వందల యాభై అడిగాడు. ఆవిడ నడుముకు దోపుకున్న చిన్న గుడ్డ పర్సు తీసి ఇచ్చేసింది. అందులో ఇంక ఒక అయిదు వందల నోటు మిగిలింది.

ఆవిడకు అరవై దాటి ఉంటాయి. చేతిలో బట్టల సంచి ఒక్కటే. ఒంగోలు దగ్గర ఒక ఊరి నుంచి రైల్లో ఒంటరిగా వచ్చింది. తల కింద పెట్టుకున్న హ్యాండ్‌బ్యాగు చెన్నై చేరేసరికి లేదు. ఫోను, ఆధారు కార్డు, మిగతా డబ్బు అన్నీ అందులోనే. స్టేషన్‌కు వస్తానన్న బంధువుల అమ్మాయి ఎక్కడ వెతుక్కుంటుందో తెలియక బయటికి వచ్చేస్తే ఆటోవాడు ఎక్కించుకున్నాడట. మా దగ్గరికి రాకముందు రెండు లాడ్జీల్లో అడిగారట. ఒంటరి ఆడమనిషి, గుర్తింపు కార్డు లేదు, కుదరదన్నారు.

వాళ్లను నేను తప్పు పట్టను. కార్డు లేకుండా గది ఇస్తే, రేపు పోలీసులు రిజిస్టరు చూస్తామని వచ్చినప్పుడు జవాబు చెప్పుకోవలసింది కౌంటర్లో ఉన్నవాడే. అయితే గది ఇవ్వకపోవడం వేరు, కూర్చోమనకపోవడం వేరు. లాబీలో సోఫా ఉంది, మంచినీళ్లున్నాయి, కింద బాత్రూము ఉంది. వాటికి ఆధారు అక్కరలేదు.

“కూర్చోండమ్మా. గది సంగతి తర్వాత చూద్దాం. మీ ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేద్దాం, నంబరు చెప్పండి” అన్నాను.

ఆవిడ గడగడా పది అంకెలు చెప్పింది. అది ఆవిడ సొంత నంబరు. రీచార్జి కొట్టులో ఎప్పుడూ చెప్పే నంబరు కాబట్టి అదొక్కటే నోటికి వచ్చు. కొడుకు నంబరు ఫోన్లో కొడుకు ఫొటో నొక్కితే కలుస్తుంది తప్ప ఆవిడ ఎన్నడూ చదవలేదు. ఇందులో ఆవిడ పొరపాటేమీ లేదు, నాకూ మా ఆవిడ నంబరు సగమే గుర్తుంటుంది.

ఇక్కడ మా హోటల్ అలవాటు పనికొచ్చింది. ఎందుకు వచ్చారని అడిగితే కంటి ఆసుపత్రికన్నది. ఒక కంటికి ఆపరేషన్ ముందే అయింది, రెండోదానికి చూపించుకోవాలి. అంటే పాత ఫైలు ఉండాలి. ఆసుపత్రి ఫైలంటూ ఉంటే దాని మొదటి పేజీలో రోగి పేరు, వయసు, ఊరుతోపాటు వెంట వచ్చినవాళ్ల ఫోన్ నంబరు ఒకటి రాసి ఉంటుంది. రోగులను చూసీ చూసీ నాకిది తెలుసు. “ఫైలు కూడా ఆ బ్యాగులోనే పోయిందా అమ్మా?” అన్నాను. మడత నలగకూడదని చీరల మధ్య పెట్టిందట. తీసి ఇచ్చింది. మొదటి పేజీలో కొడుకు పేరు, నంబరు నీలం సిరాతో ఉన్నాయి.

మూడుసార్లు చేశాను, ఎత్తలేదు. తెల్లవారుజామున కొత్త నంబరు చూసి ఎత్తేవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు? ఎత్తినా, “మీ అమ్మ నా దగ్గరుంది, ఆవిడ ఆధారు పంపండి, డబ్బు కట్టండి” అని ఎవడో అంటే నమ్మేవాడు ఇంకా తక్కువ. మోసగాళ్లు మాట్లాడేదీ అచ్చంగా ఇలాగే కదా. అందుకని ఒక మెసేజి పెట్టాను: “మీ అమ్మగారు చెన్నైలో మా హోటల్లో క్షేమంగా ఉన్నారు. రైల్లో బ్యాగు పోయింది. ఈ నంబరును నమ్మవద్దు. నెట్‌లో మా హోటల్ పేరు వెతికి, అక్కడ కనిపించే ల్యాండ్‌లైన్‌కు మీరే ఫోన్ చేయండి.” కింద హోటల్ పేరు, వీధి పేరు రాశాను. నేను చెప్పిన నంబరుకు కాక తాను వెతికి పట్టుకున్న నంబరుకు చేసినప్పుడే అతనికి ధైర్యం వస్తుంది.

అతను చేసేలోగా గది మాటేమిటో చూద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మీద ముప్పై ఆరు గదులూ నిండినట్లే ఉన్నాయి. కానీ నిండడంలో రకాలున్నాయి.

204 ఆన్‌లైన్‌లో బుక్ అయింది, డబ్బు కట్టేశారు, మనిషి రాలేదు. తాళం నా వెనక పలకకే వేలాడుతోంది. పక్క వేసి ఉంది, నీళ్ల సీసాలు కూడా పెట్టి ఉన్నాయి. చూసేవాళ్లకు ఇంతకంటే ఖాళీ గది ఉండదు. కానీ అది నాది కాదు. డబ్బు కట్టిన మనిషి మధ్యాహ్నం పన్నెండులోపు ఎప్పుడు వచ్చినా ఆ గది అతనిదే. డబ్బు కట్టకుండా వస్తామని మాత్రమే చెప్పిన బుకింగ్ అయితే రాత్రే తీసేసేవాళ్లం.

311లో మనిషి లేడు, సామాను ఉంది. సాయంత్రం బయటికి వెళ్లి రాత్రికి తిరిగి రాలేదు. అలాంటి గదిని ముట్టుకోకూడదు. సామాను ఉన్నంతసేపు మనిషి ఉన్నట్లే. 215లో గీజరు షాకు కొడుతోందని మూసేశాం. ఏసీ పనిచేయక మూసిన గదైతే ఆవిడను అడిగి ఫ్యాను గాలికి ఇచ్చేవాణ్ని, కరెంటు లోపం ఉన్న గది మాత్రం ఊరికే ఇచ్చినా ఇవ్వకూడదు.

మిగిలింది 106. నలుగురున్న కుటుంబం, తిరుపతి వెళుతున్నారు. నాలుగున్నరకు లేపమని చెప్పారు, లేపాను. అయిదింటికి టాక్సీ. లెక్క ప్రకారం మధ్యాహ్నం పన్నెండు దాకా గది వాళ్లదే. అయితే బిల్లు సెటిల్ చేసి, తాళం కౌంటరు మీద పెట్టి వెళ్లిపోతే ఆ క్షణం నుంచి గది మళ్లీ హోటల్‌ది. కొందరు తాళం జేబులో వేసుకుని, దర్శనమయ్యాక వచ్చి స్నానం చేసి పోతామంటారు. కాబట్టి అడగాలి. అడిగాను. “లేదండీ, అటునుంచి అటే నెల్లూరు వెళ్లిపోతాం” అన్నారు. అయిదూ అయిదుకు తాళం నా చేతికి వచ్చింది.

తాళం వచ్చినంత మాత్రాన గది సిద్ధమైనట్లు కాదు. రాత్రిపూట ఉండేది ఒక్క రూమ్ బాయ్. బరంపురం వైపు కుర్రవాడు, అందుకే తెలుగు బాగానే మాట్లాడతాడు. హౌస్‌కీపింగ్ సామాను గదికి తాళం, అది తీసే మనిషి ఏడింటికి వస్తుంది. అందుకని కౌంటరు వెనక అలమరలో రాత్రి అవసరానికి రెండు జతల దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు ఉంచుకుంటాం. ఒక జత ఇచ్చి పంపాను. ఐదు నిమిషాల్లో ఫోన్ చేశాడు. “అన్నా, పైకి రావాలి.”

ఇలాంటి వేళ హడావిడిగా గది ఇవ్వకూడదనడానికి కారణం అక్కడ కనిపించింది. దుప్పటి మీద ఏమీ లేదు, తెల్లగానే ఉంది. కుర్రవాడు తెలివైనవాడు కాబట్టి దుప్పటి తీశాక పరుపును అరచేత్తో అంతటా నొక్కుకుంటూ వచ్చాడు. కిటికీ వైపు అంచున చెయ్యి తడిసింది. ఆ ఇంటి చిన్నపిల్లవాడు పక్క తడిపితే తల్లి మొహమాటపడి, తడిసిన దుప్పటిని బాత్రూము బకెట్‌లో వేసి, బీరువాలోని అదనపు దుప్పటి పరిచి వెళ్లింది. పైకి చూస్తే తెలియదు, పడుకుంటే తెలుస్తుంది. నీళ్లు దిగని తొడుగు వేయవలసిన మంచానికి అది వేయలేదు, దాని జవాబు పగటివాళ్లు చెప్పాలి. మాకు దొరికిన దారి ఒకటే. 215 మూసి ఉంది, దాని పరుపు పొడిగా ఉంది. ఇద్దరం కలిసి ఆ పరుపును ఒక అంతస్తు కిందికి దించి, తడిసినదాన్ని అక్కడికి చేర్చి గోడకు నిలబెట్టి, కిటికీ తెరిచి ఫ్యాను వేశాం. తర్వాత బాత్రూము కడిగి, తలుపు వెనక కొక్కేలు, దిండ్ల కింద, ప్లగ్గుల దగ్గర చూశాం. ఒక ఛార్జరు దొరికింది. కాగితంలో చుట్టి గది నంబరు, తేదీ రాసి కౌంటర్లో పెట్టాను.

కిందికి వచ్చేసరికి ల్యాండ్‌లైన్ మోగుతోంది. హైదరాబాద్ నుంచి కొడుకు. “మా అమ్మకు ఇవ్వండి” అన్నాడు, ఇంకో మాట లేదు. ఇచ్చాను. ఆవిడ కాసేపు విని, “తెల్లారకముందే గేదె పేరు అడుగుతావేమిటిరా?” అని విసుక్కుంది. ఆ తర్వాత పేరు చెప్పినట్లుంది. ఫోను తిరిగి నా చేతికి వచ్చేసరికి అతని గొంతు మారింది. పరీక్ష పెట్టినందుకు నాకు మాత్రం అతని మీద గౌరవమే కలిగింది.

ముందు చెప్పవలసింది చెప్పాను. “గది తర్వాత, ఇప్పుడే సిమ్ ఆపించండి, బ్యాంకుకు ఫోన్ చేయండి. ఓటీపీలు వచ్చేది ఆ ఫోనుకే.” ఫోను పోయిందంటే అందరూ ఫోను ఖరీదు గురించి బాధపడతారు, నష్టం జరిగేది సిమ్ వల్ల. రైల్లో పోయిన వస్తువుకు ఏ స్టేషన్‌లోని రైల్వే పోలీసుల దగ్గరైనా ఫిర్యాదు ఇవ్వవచ్చనీ, పోయింది ఒంగోలు దగ్గరా గూడూరు దగ్గరా అని తేలనక్కరలేదనీ చెప్పాను. ఆ ఫిర్యాదు కాగితం ఉంటేనే పోయిన ఫోన్ల కోసం ప్రభుత్వం నడిపే సీఈఐఆర్ పోర్టల్‌లో ఫోన్‌ను బ్లాక్ చేయించడం కుదురుతుంది. పగలు బంధువుల అమ్మాయి ఆవిడను సెంట్రల్‌కు తీసుకువెళ్లి ఆ పని చూస్తుందన్నాడు. ఆ అమ్మాయి ఇల్లు అంబత్తూరులో. అంత దూరం వెళ్లి మళ్లీ ఎనిమిదిన్నరకు నుంగంబాక్కం రావడం కంటే ఆవిడ ఇక్కడే నడుం వాల్చడం నయమని ముగ్గురం అనుకున్నాం.

తర్వాత ఆధారు. వాట్సాప్‌లో కార్డు ఫొటో పంపుతానన్నాడు. మా యజమాని ఫొటో ఒప్పుకోరు, నిజానికి నేనూ ఒప్పుకోను. ఎవరి కార్డునైనా ఎవరైనా ఫొటో తీయవచ్చు. ఆధారు సంస్థ సైటు నుంచి దించుకున్న ఈ-ఆధారు పీడీఎఫ్ ఉందా అని అడిగాను. పింఛను పని కోసం ఎప్పుడో దించాడట, ఉంది. హోటల్ మెయిల్‌కు పంపాడు. తెరవబోతే పాస్‌వర్డు అడిగింది.

దాని పాస్‌వర్డు అందరికీ ఒకే పద్ధతిలో ఉంటుంది. కార్డు మీద ఉన్న పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీషు పెద్దబడిలో, వెంటనే పుట్టిన సంవత్సరం. చెప్పడానికి తేలిక, మన తెలుగువాళ్ల దగ్గరికి వచ్చేసరికి రెండు చోట్లా ఇబ్బందే. ఆవిడ చెప్పిన పేరుతో కొట్టాను, తెరుచుకోలేదు. కార్డులో ఇంటి పేరు ముందుంటుందేమోనని కొడుకును అడిగితే, పొడి అక్షరం, చుక్క, తర్వాత పేరు అన్నాడు. అలాంటప్పుడు ఆ చుక్క కూడా ఒక అక్షరం కిందే లెక్క. ఆవిడ చెప్పిన 1962తో కొట్టాను, మళ్లీ కాదంది. పుట్టిన సంవత్సరం ఇంట్లో చెప్పుకునేది ఒకటి, కార్డులో ఎక్కింది ఇంకొకటి కావడం ఆ వయసువాళ్లలో మామూలే. ఆసుపత్రి ఫైలు కార్డు చూసి రాసి ఉంటారు కదా అని అందులోని వయసునూ, ఆ ఫైలు తెరిచిన తేదీనీ పట్టుకుని వెనక్కి లెక్కపెడితే 1965 వచ్చింది. `K.SU1965` అని కొట్టగానే తెరుచుకుంది.

ఫొటోలో ఆవిడే, ముక్కుపుడకతో సహా. క్యూఆర్ కోడ్‌ను ఆధారు స్కానర్ యాప్‌తో చూస్తే పేరు, ఊరు, ఫొటో అవే వచ్చాయి. అచ్చు తీసి, నంబరులో మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా పెన్నుతో కొట్టేశాను. మనిషెవరో తెలియడానికి చివరి నాలుగు చాలు, మిగతావి మా ఫైళ్లలో పడి ఉండవలసిన పని లేదు. రిజిస్టరులో ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పని మీద అన్న గడులు నింపాను. సంతకం ఆవిడ తెలుగులో చేసింది, నాకంటే గుండ్రంగా.

అద్దె దగ్గర కాస్త ఆలోచించవలసి వచ్చింది. గది అద్దె పద్దెనిమిది వందలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ తరహా గదులకు జీఎస్టీ 5 శాతమే కాబట్టి, అంతా కలిపి 1,890. మా హోటల్లో దిగినా ఖాళీ చేసినా మధ్యాహ్నం పన్నెండు లెక్క. ఉదయం ఆరుకు ముందు దిగితే అది ముందు రోజు కింద వస్తుందని, ఆ రోజు పన్నెండింటికే ఖాళీ చేయాలని యజమాని నియమం. ఆవిడకు కావలసింది సాయంత్రం దాకా. కంట్లో చుక్కలు వేసి చూస్తారు కాబట్టి కొన్ని గంటలపాటు చూపు మసకగా ఉంటుంది, ఆ స్థితిలో ఆవిడను ఎండలో నిలబెట్టలేం. నియమం ప్రకారం పోతే ఒక అద్దె, పైన సగం అద్దె.

కానీ రాత్రి రెండింటికే నేను లెక్కలు మూసేశాను. రోజుకొకసారి అలా మూస్తేనే మా కంప్యూటర్లో తేదీ మారుతుంది. అర్ధరాత్రి గడియారంతో దానికి పనిలేదు. కాబట్టి అయిదున్నరకు ఆవిడను చేర్చుకుంటే కంప్యూటర్ కొత్త రోజు కిందే తీసుకుంటుంది, మర్నాడు పన్నెండు దాకా గది ఆవిడదే అవుతుంది. నియమం చూడాలా, కంప్యూటర్ చూడాలా? అయిదు నుంచి పన్నెండు దాకా ఆ గదికి తిరుపతి కుటుంబం అప్పటికే డబ్బు కట్టింది. అవే గంటలకు ఇంకొకరి దగ్గర మళ్లీ తీసుకోవడం నాకు బాగనిపించలేదు. ఒక్క అద్దెకే చేర్చుకున్నాను. కొడుకు కౌంటరు క్యూఆర్ ఫొటోకు 1,890 పంపాడు.

ఆ సమయంలో లాబీలో ఇంకో ఇద్దరున్నారు. అందుకని గది నంబరు పైకి చెప్పకుండా తాళం కవరు మీద రాసి చేతికిచ్చాను. ఒంటరిగా దిగిన ఆడవాళ్లందరికీ అలాగే చేస్తాం. కుర్రవాడు సంచి పట్టుకుని ముందు నడిచాడు. లిఫ్టు దాకా వెళ్లి ఆవిడ వెనక్కి తిరిగి, “నాయనా, ఏడున్నరకు లేపుతావా?” అన్నది. అప్పటికి నా డ్యూటీ దిగిపోతుంది. లేపవలసిన సమయం, ఆసుపత్రికి ఆటో, అంబత్తూరు అమ్మాయి పేరు, ఆ అమ్మాయి తప్ప ఎవరడిగినా గది చెప్పవద్దన్న మాట హ్యాండోవర్ పుస్తకంలో రాశాను.

ఆరూ ఇరవైకి 204 మనిషి వచ్చాడు. విమానం ఆలస్యమైందట, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమీ మాట్లాడకుండా తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

ఏడింటికి యజమాని వచ్చి, అలవాటు ప్రకారం రిజిస్టరు తిరగేశారు. 106 దగ్గర వేలు ఆగింది. “అయిదున్నరకు దిగితే ముందు రోజు కదా, ఒక్క అద్దేమిటి?” అన్నారు. ముందు కుటుంబం పన్నెండు దాకా కట్టి అయిదింటికే వెళ్లిందని చూపించాను. ఖాళీగా పడి ఉండే గదికి అద్దె వచ్చిందనీ, పన్నెండు తర్వాత ఎలాగూ ఇవ్వవలసినది కాస్త ముందు ఇచ్చాననీ చెప్పాను. ఆయన రెండు బిల్లులనూ పక్కపక్కన పెట్టి కాసేపు చూశారు. దానికి ఏమీ అనలేకపోయారు. పుస్తకం మూస్తూ, “సరే, ఆ తడిసిన పరుపు ఉతుకుడు ఖర్చు ఎవరి పేరు మీద రాశావు?” అని అడిగారు.

ఎవరి పేరు మీదా రాయలేదని చెప్పి, పగటి మనిషికి తాళాలు అప్పగించాను.